బార్ పొడవు సరే.. అడుగు చూశారా?

2012లో అమెరికాలో బుష్ కాలం నాటి పన్ను కోతల గడువు ముగియబోతోంది. ఆ సమయంలో ఫాక్స్ ఛానెల్ ఓ బార్ చార్ట్ చూపించింది. అందులో ఉన్నవి రెండే బార్లు. అప్పటి గరిష్ఠ పన్ను రేటు 35 శాతం, కోతలు రద్దైతే 2013 జనవరి 1 నుంచి 39.6 శాతం. అంకెలు రెండూ కరెక్టే. కానీ బొమ్మలో రెండో బార్ మొదటిదానికి ఐదు రెట్లకు పైగా పొడవుంది!

ఎలాగంటారా? పక్కనున్న స్కేల్ సున్నా నుంచి కాక 34 నుంచి మొదలైంది. అంటే ప్రతి బార్‌కీ అడుగున 34 కోసేశారన్నమాట. మొదటిదాంట్లో మిగిలింది 1, రెండోదాంట్లో 5.6. మన కన్ను పోల్చేది ఆ మిగిలిన ముక్కల్నే. సున్నా నుంచి గీసి ఉంటే రెండోది 13 శాతమే పొడవుగా కనిపించేది.

బార్‌లో పొడవే విలువ, కాబట్టి అక్కడ సున్నా తప్పనిసరి. లైన్ చార్ట్ సంగతి వేరు. అందులో చూసేది గీత ఎక్కుతోందా, దిగుతోందా అని. జ్వరం చార్ట్‌ని సున్నా నుంచి గీస్తే ఏమీ తెలీదు.

ప్రతిసారీ కావాలనే చేస్తారనుకోకండి. విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే స్కేల్‌ని సున్నా పైనుంచి మొదలుపెడుతుంది. మీ ప్రాజెక్ట్ రిపోర్టులో అలా వస్తే Format Axisలో Minimum దగ్గర 0 ఇవ్వండి. ఇతరుల చార్ట్ చూసేటప్పుడు పెద్ద అంకెను చిన్నదాంతో భాగించండి. 39.6ని 35తో భాగిస్తే 1.13. బార్లు ఐదు రెట్ల తేడా చూపిస్తుంటే అడుగు కోసేసినట్టే. స్కేలే వేయకపోతే? బొమ్మ వదిలేసి అంకెలే చదువుకోండి.