పాప సొమ్ము, నాన్న సంతకం

నాకు తెలిసిన ఒక పెద్దావిడ, పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన అరెకరం అమ్మి, అందులో 8 లక్షలు మనవరాలి పేర బ్యాంకులో డిపాజిట్ చేసింది. కూతురికే ఇవ్వొచ్చు కదా అని అడిగాను. "దానికిస్తే అల్లుడికిచ్చినట్టే గదమ్మా! పిల్ల పేర వేస్తే ఎవరూ ముట్టుకోరు" అంది. రెండేళ్లు తిరక్కుండానే ముట్టుకున్నారు. ముట్టుకున్నది ఆ అల్లుడే.

అప్పటికి ఆ భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. విడాకులు కాలేదు. పాప తల్లి దగ్గరే ఉంది. ఫీజులు, మందులు, బట్టలు అన్నీ తల్లి జీతంలోంచే. కానీ డిపాజిట్ వేసిన రోజున బ్యాంకు ఫారంలో సంరక్షకుడి గడిలో తండ్రి పేరు రాశారు. ఎవరూ ఆలోచించి రాయలేదు, అలవాటుగా రాశారు. ఆ ఒక్క సంతకంతోనే ఆయన గడువుకి ముందే డిపాజిట్ రద్దు చేసి, డబ్బు తన పేర కొనుక్కున్న ఫ్లాటుకి కట్టేశాడు. నిలదీస్తే ఆయన చెప్పిన జవాబు ఈ వ్యాసం రాయించింది: "దానిమీద పన్ను కట్టింది నేను. కాబట్టి డబ్బు నాది."

ఈ మాట వినగానే చాలామంది ఆడవాళ్లు నోరు మూసుకుంటారు. పన్ను అనే మాటలోనే ఏదో అధికారం ఉంది మరి. అందుకే విడదీసి చూద్దాం.

అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ తాత గానీ మనవలకిచ్చిన బహుమతి మీద, అది ఎంత పెద్దదైనా, పుచ్చుకున్న పిల్లకి పన్ను లేదు. ఇచ్చిన క్షణం నుంచి ఆ డబ్బు పిల్లదే. ఇచ్చిన పెద్దావిడది కాదు, తల్లిది కాదు, తండ్రిది కాదు. దానిమీద వచ్చే వడ్డీ కూడా పిల్లదే. అయితే ఆ వడ్డీ మీద పన్ను లెక్క వేసేటప్పుడు మాత్రం దాన్ని తల్లిదండ్రుల్లో ఒకరి ఆదాయంలో కలపాలని 1992 ఫైనాన్స్ చట్టం 1961 ఆదాయపు పన్ను చట్టంలో 64(1ఎ) అనే నిబంధన చేర్చింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ నియమం అలాగే ఉంది. దీనికి కారణం లేకపోలేదు. సంపన్నులు తమ ఆదాయాన్ని పసిపిల్లల పేర ముక్కలు చేసి పన్ను ఎగ్గొట్టకుండా పెట్టిన కంచె ఇది. పిల్ల సొంత కష్టంతోనో ప్రతిభతోనో సంపాదించినదానికి, చట్టం చెప్పిన మేర వైకల్యం ఉన్న పిల్లల ఆదాయానికి ఇది వర్తించదు. గమనించాల్సింది ఒకటే. కలిపేది పన్ను లెక్క కోసం, యాజమాన్యం కోసం కాదు. పన్ను కట్టిన రసీదు ఆస్తి దస్తావేజు కాదు.

మరి ఎవరి ఆదాయంలో కలపాలి? ఇచ్చింది ఎవరి తల్లి అని చట్టం అడగదు. పిల్లని పెంచుతున్నది ఎవరనీ అడగదు. వివాహబంధం ఉన్నంతకాలం ఇద్దరిలో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి ఆదాయంలో కలుపుతుంది. విడాకులయ్యాక మాత్రమే, ఆ సంవత్సరం పిల్లని పోషిస్తున్నది ఎవరని చూస్తుంది. విడాకుల కాగితం లేకుండా ఏళ్ల తరబడి ఒంటరిగా పిల్లల్ని సాకుతున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. పన్ను చట్టం దృష్టిలో వాళ్లంతా కాపురం చేసుకుంటున్నవాళ్లే.

మా పాప సంగతే లెక్క వేశాం. 8 లక్షలకి 7 శాతం చొప్పున ఏడాదికి 56,000 వడ్డీ. తల్లి ఆదాయం సుమారు 4 లక్షల 20 వేలు, తండ్రిది 17 లక్షలు. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో తండ్రి ఆదాయంలో కలిస్తే 20 శాతం చొప్పున 11,200, దానిమీద సెస్సు 448, మొత్తం 11,648 రూపాయలు. అదే వడ్డీ తల్లి ఆదాయంలో కలిస్తే పన్ను సున్నా. (పాత విధానంలో ఒక్కో బిడ్డకి 1,500 రూపాయల మినహాయింపు ఉంది. 1992లో పెట్టిన అంకె అది, ఇప్పటికీ కదల్లేదు. కొత్త విధానంలో అదీ లేదు.) అంటే అమ్మమ్మ సొమ్ము మీద, అమ్మ పెంచుతున్న పిల్ల వడ్డీ మీద 11,648 రూపాయలు ప్రభుత్వానికి కట్టి, అందుకు బదులుగా 8 లక్షల మీద హక్కు తెచ్చుకున్నాననుకున్నాడు ఆ పెద్దమనిషి. చౌక బేరమే!

పన్ను ఆయనకి వాదన ఇచ్చింది. డబ్బు తీసే అధికారం ఇచ్చింది మాత్రం సంరక్షకుడి గడి. 1956 హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం ఆరో సెక్షన్ ప్రకారం మైనరుకి సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి. ఈ "తర్వాత" అన్న మాటని కోర్టుకి లాగింది కూడా పిల్లవాడి పేర పెట్టిన పెట్టుబడే. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేర రిలీఫ్ బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం గానీ కోర్టు సర్టిఫికెట్ గానీ తెమ్మంది రిజర్వ్ బ్యాంకు. తల్లి సంరక్షకురాలిగా మైనరు ఖాతాలు తెరవొచ్చని 1976లో బ్యాంకులకి చెప్పింది ఆ రిజర్వ్ బ్యాంకే! 1999లో సుప్రీంకోర్టు, "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకనే కాదు, ఆయన బిడ్డ బాగోగులు పట్టించుకోనప్పుడు, దూరంగా ఉన్నప్పుడు కూడా అని అర్థం చెప్పింది. మంచి తీర్పే. కానీ మాటని కొట్టెయ్యలేదు, సాగదీసింది. తండ్రి పట్టించుకోవడం లేదని రుజువు చేసుకోవాల్సిన భారం తల్లి మీదే మిగిలింది. ఇద్దరికీ సమాన హోదా ఇమ్మని లా కమిషన్ 1989లో ఒకసారి, 2015లో మరోసారి చెప్పింది. సెక్షన్ మాత్రం అలాగే ఉంది.

అమ్మమ్మలకి ఇంకా తక్కువ చోటు. తల్లిదండ్రులు బతికుండగా అవ్వాతాతలు తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాల్ని చట్టప్రకారం సంరక్షకులైనవారికి మార్చాలని 2024లో ఆర్థికశాఖ చెప్పింది. సుకన్య వడ్డీకి పన్నే లేదు కాబట్టి అక్కడ "పన్ను నేను కట్టాను" అనే వాదన పుట్టదు. కానీ ఆ మార్పు కాగితంలో కూడా సంరక్షకుడి గడి ఉంటుంది. దాంట్లో తండ్రి పేరే రాయాలని లేదు, తల్లి పేరు అడిగి రాయించుకోవాలి.

సంరక్షకుడంటే యజమాని కాదు, బిడ్డ మేలు కోసమే ఆ సొమ్ము వాడాలి, లెక్క చెప్పాలి. తండ్రి లెక్క చెప్పకపోతే తల్లి 1890 సంరక్షకుల చట్టం కింద తనని ఆస్తి సంరక్షకురాలిగా నియమించమని కోర్టుని కోరవచ్చు. అదీ జరక్కపోతే పాప తనే 18 నిండాక మూడేళ్ల లోపు దావా వెయ్యొచ్చు. అప్పుడు అక్కరకొచ్చేవి రెండే కాగితాలు: డబ్బు అమ్మమ్మ ఖాతా నుంచి వచ్చిందని చూపే పాస్‌బుక్కు పేజీ, డిపాజిట్ పాప పేర ఉందని చూపే రసీదు. ఈ పాపకి ఆ రెండూ ఉన్నాయి. లేనిది బహుమతి ఉత్తరం. "ఇంత సొమ్ము నా మనవరాలికి ఇస్తున్నాను, ఆమె తరఫున తల్లి స్వీకరిస్తోంది" అని రెండు వాక్యాలు రాసి, ఇచ్చినావిడా తీసుకున్న తల్లీ ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెడితే చాలు. డబ్బు బహుమతికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి ఆ పెద్దావిడ దగ్గర మిగిలిన లక్షన్నర కూడా పాప పేర వేద్దామని తల్లీకూతుళ్లు బ్యాంకుకి వెళ్లారు. ఉత్తరం రాసుకునే వెళ్లారు. కౌంటర్లో అబ్బాయి ఫారం తిప్పి చూసి, "నాన్నగారి సంతకం కావాలి మేడమ్" అన్నాడట. ఈసారి వాళ్లు కదల్లేదు. 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లోనూ తల్లి సంరక్షకురాలిగా ఉండొచ్చని ఉంది, ప్రింటు తీసుకెళ్లారు. మేనేజరు గదిలో గంటసేపు కూర్చున్నాక రసీదు వచ్చింది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని, కూతురి పేరు ఏ గడిలో ఉందో వేలు పెట్టి చూసుకున్నాకే కుర్చీలోంచి లేచిందట.