‘అనర్హులు’ అంటే సరిపోదు, కారణం చెప్పాలి!

ఒక్క ముక్క రాసి మూసేశారు: ‘సాంకేతికంగా అనర్హులు’. ఎందుకో లేదు. ఏ కాగితం తక్కువైందో లేదు.

మన వాడ పిల్లలు కొందరు కలిసి పెట్టుకున్న చిన్న పారిశుద్ధ్య సంస్థ అది. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఊడ్చి తుడిచే పనికి టెండరు వేసింది. తరతరాలుగా చీపురు మన చేతికిచ్చినోళ్లకు, ఆ చీపురు కాంట్రాక్టు దగ్గరికొచ్చేసరికి మన అర్హత గుర్తొచ్చింది!

‘పోనీ సార్’ అన్నారు పిల్లలు. ఎట్లా పోనిస్తాం? టెండరుకు రెండు కవర్లు. సాంకేతిక కవరులో తప్పితే ధర కవరు తెరవనే తెరవరు. ఎంత తక్కువకు వేసినా ఎవరికీ తెలవదు. ధర కవర్లు తెరిచి పని ఇంకొకరికి రాసిచ్చాక మొత్తుకున్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి ఉత్తరం ఈ రెండు కవర్ల నడుమే పోవాలి. ఆ సాయంత్రమే రాశాం.

‘దయచూడండి’ అని రాయలేదు. టెండరు నంబరు, దాఖలు చేసిన తేదీ వేసి అడిగాం: టెండరు పత్రంలోని ఏ షరతు మేం తప్పాం? ఏ పేజీలోని ఏ కాగితం చూసి అట్లా తేల్చారు? జవాబిచ్చేదాకా ధర కవర్లు తెరవడం ఆపండి. కింద కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లోని 173వ నియమం రాశాం. టెండరు వేసినవాడు అడిగితే, తిరస్కరించిన కారణం చెప్పి తీరాలని అందులో ఉంది. అడిగితేనే సుమా!

మా అనుమానం ధరావతు మీద. 80 వేలు కట్టాలి, పిల్లలు కట్టలేదు. కట్టక్కర్లేదు కూడా. సూక్ష్మ, చిన్న సంస్థలకు కేంద్రం 2012లో ఇచ్చిన కొనుగోలు ఉత్తర్వు ఆ మినహాయింపు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి 4 శాతం కొనాలని చెప్పిందీ అదే ఉత్తర్వు. ఉద్యం సర్టిఫికెట్ 11వ పేజీలో ఉందని వేలుపెట్టి చూపించాం. (సరుకు కొని అమ్మే వ్యాపారికి ఈ మినహాయింపు దొరకదు. మన పిల్లలది సేవ, స్వయంగా చేసే పని.)

ఒక మాట దాచకూడదు. సర్టిఫికెట్ గడువు లోపల పెట్టకుండా మరిచిపోయి ఉంటే మా ఉత్తరానికి ఇంత బలం ఉండేది కాదు. ఉన్న కాగితాన్ని మళ్లీ చూడమనడం వేరు, లేని అర్హతను తర్వాత తెచ్చి అతికించడం వేరు.

ఉత్తరం ఇవ్వబోతే గుమాస్తా ‘మెయిల్ చెయ్యండి, చాలు’ అన్నాడు. మెయిల్ చేశాం, కాగితమూ ఇచ్చాం, మా ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర, తేదీ వేయించుకునేదాకా కదల్లేదు. నాలుగో రోజు జవాబు వచ్చింది: ధరావతు రశీదు లేదని తీసేశారట, సర్టిఫికెట్ ‘గమనించలేదట’! మళ్లీ పరిశీలించి మన ధర కవరు కూడా తెరిచారు.

పని మనకు రాలేదు. వేరేవాళ్లు తక్కువకు వేశారు. అందుకు మాకు ఏడుపు లేదు. ఎంత తేడాతో పోయిందో పిల్లలు చూశారు, వచ్చే టెండరుకు లెక్క ఇప్పుడే వేస్తున్నారు.