శనార్థికి జవాబు ఎన్ని మాటలు?

పోయిన ఎండకాలం హైదరాబాదు నుంచి ఒక మిత్రుణ్ని వెంటబెట్టుకుని మా ఊరివైపు వెళ్లాను. నాందేడ్ వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి మీద, పిట్లం దాటాక వచ్చే పెద్దకొడప్‌గల్‌లో చాయ్ తాగుదామని కారు ఆపాం. హోటల్ ముందు ఒక ముసలాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా చిన్నప్పుడు మా ఇంట్లో జీతమున్న మనిషి. "శనార్థి పటేలా. ఎప్పుడొచ్చిండ్రు? అమ్మ మంచిగుందా? పిల్లలు మంచిగ సదువుతుండ్రా?" అన్నాడు. "ఆఁ, మంచిదే" అన్నాను.

కాసేపటికి ఒక సర్కారు ఉద్యోగి బండి దిగాడు. మా పొలం కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. నన్ను చూసి "నమస్తే" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేనిచ్చిన జవాబు ఇది: "నమస్తే సార్! బాగున్నారా? ఎటు పోతున్నారు? రండి, చాయ్ తాగుదాం. ఇంట్ల అందరు మంచిగున్నరా?"

కారెక్కినాక మిత్రుడు నన్ను మెచ్చుకున్నాడు. "ఆ పెద్దాయనకు నువ్విచ్చిన జవాబు కరెక్టు. రెండు మాటలు, పని అయిపోయింది. ఆ ఆఫీసరు దగ్గరే అనవసరంగా సాగదీసినవ్." నన్ను ఇంతగా సిగ్గుపడేట్టు చేసిన మెచ్చుకోలు ఇంకోటి లేదు. ఈ వ్యాసం ఆయనతో తగాదా. నాతో కూడా.

ఆయన వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. పలకరింపు తలుపు తట్టడం లాంటిది, "ఉన్నా" అంటే చాలు, ఇంటి చరిత్ర చెప్పనక్కర్లేదు అంటాడు. పొడుగు జవాబు ఎదుటి మనిషిని కట్టేస్తుంది, రోజుకు నలభై మంది పలకరించే వాడికి నలభై కథలు చెప్పే తీరిక ఎక్కడిది అంటాడు. దీనికి ఎదురు వాదం మనకు బాగా తెలిసిందే. పల్లెల్లో ఆప్యాయత ఉండేది, పట్నం దాన్ని మింగేసింది, ఇప్పుడందరూ ముక్తసరిగా తల ఊపి పోతున్నారు అని ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ఒకరు జవాబు పొట్టిగా ఉండాలంటారు, ఇంకొకరు పొడుగ్గా ఉండాలంటారు. ఎవరికి పొట్టిది, ఎవరికి పొడుగుది అని మాత్రం ఇద్దరూ అడగరు. నేను ఒకే చోట, ఒకే పూట, ఎనిమిది మాటలకు రెండు మాటలు, ఒక్క మాటకు పదకొండు మాటలు ఇచ్చాను. దీన్ని క్లుప్తత అందామా, ఆప్యాయత అందామా?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన కొలత కాదు. పాణిని అష్టాధ్యాయిలో, ఎనిమిదో అధ్యాయం రెండో పాదం ఎనభై మూడో సూత్రం సరిగ్గా దీని గురించే. శిష్యుడు "నేను దేవదత్తుణ్ని, నమస్కరిస్తున్నాను" అంటే, గురువు ఆశీర్వదించి, చివర అతని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరులోని చివరి అచ్చును సాగదీయాలి. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు మాత్రలు, ఇది మూడు మాత్రల ప్లుతం. ఇంతవరకు ముచ్చటగానే ఉంది. కానీ ఆ సూత్రంలోనే ఒక మినహాయింపు ఉంది: నమస్కరించినవాడు శూద్రుడైతే సాగదీయక్కర్లేదు. తర్వాత వచ్చిన వార్తికం ఆ మినహాయింపును ఆడవాళ్లకు, అసూయాపరులకు కూడా వర్తింపజేసింది. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి కూడా ఈ ప్లుతాన్నే ఉదాహరణగా తెచ్చాడు. జవాబులో ప్లుతం పలకడం తెలియనివాళ్ల దగ్గర, ఆడవాళ్ల దగ్గర అన్నట్టే, "ఇదిగో వచ్చాను" అని ఊరుకోవచ్చునట.

దేవదత్త అన్న పేరు చివరి అచ్చు హ్రస్వం. దాన్ని ప్లుతం చేస్తే పెరిగేది రెండు మాత్రలు. మాత్ర అంటే రెప్పపాటు అని పెద్దలు చెప్పే లెక్క. అంటే నిండు గౌరవానికీ కొరత గౌరవానికీ మధ్య తేడా రెండు రెప్పపాట్లు. అంత సమయం మిగుల్చుకుని ఎవరూ ఏ పనీ చేయలేరు. కాబట్టి జవాబు పొట్టిగా ఉంటే సమయం కలిసొస్తుందన్న మా మిత్రుడి మాట నేను నమ్మను. అక్కడ కలిసొచ్చేది సమయం కాదు, హోదా.

ఆ సూత్రం చదవనివాళ్లు కూడా తెలంగాణలో దాన్ని అక్షరం తప్పకుండా పాటించారు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నది పలకరింపుల్లోకెల్లా పొడుగైనది. దానికి గడీ నుంచి వచ్చే జవాబు "ఊఁ". ఒక్కోసారి అదీ లేదు. పేర్లు కూడా అట్లాగే తెగేవి. రాజయ్య రాజిగాడయ్యేవాడు, పోశయ్య పోశిగాడయ్యేవాడు. పాణిని సాగదీయక్కర్లేదని ఊరుకున్నాడు, మనవాళ్లు కత్తిరించారు కూడా. ఆప్యాయత ఉండేదని రాసేవాళ్లను నేను అడిగేది ఇదే. ఆ పాత ఊళ్లో "ఇంట్ల అందరు మంచిగున్నరా" అన్న ప్రశ్న ఏ వాడ నుంచి ఏ వాడకు పోయేది? దానికి జవాబు ఏ వాడకు తిరిగొచ్చేది?

మా ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఇంకో రకం జవాబులూ ఉన్నాయి. 1956 దాకా నిజామాబాదు, నాందేడ్, బీదర్ మూడూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. మా దిక్కు మనిషి ఒక పూటలో రాం రాం, శనార్థి, సలాం, నమస్తే నాలుగూ వింటాడు. వీటిలో సలాంకు లెక్క స్పష్టంగా ఉంది. ఎవరైనా పలకరిస్తే అంతకన్నా మంచి మాటతో బదులివ్వు, లేదా కనీసం అదే మాట తిరిగివ్వు అని ఖురాను నాలుగో అధ్యాయం చెబుతుంది. శాంతి ఒక్కటే చెబితే పది పుణ్యాలు, దేవుడి కరుణ కూడా కలిపితే ఇరవై, ఆయన దీవెనలు కూడా కలిపితే ముప్పై అని హదీసు. పలకరించింది ఎవరన్నది ఈ లెక్కలో లేదు. జవాబుకు కింది హద్దు, వచ్చిన పలకరింపే.

పై హద్దు కూడా ఉంది. ఇమాం మాలిక్ సంకలనం ముఅత్తాలో ఒక ముచ్చట ఉంది. యెమెన్ మనిషి ఒకాయన సలాం చెప్పి, కరుణ, దీవెన కలిపి, ఆ పైన ఇంకేదో చేర్చాడు. ఇబ్న్ అబ్బాస్ అది విని, సలాం దీవెనతో ముగుస్తుంది అన్నాడట. మర్యాదకు కూడా ఒక చోట ఆగడం తెలియాలన్న మాట.

శనార్థి కథ మాకు పడమట, బీదర్ అవతలి బసవకల్యాణ్‌ది. శరణు శరణార్థి అన్నదే జనం నోట నలిగి శనార్థి అయిందంటారు. పన్నెండో శతాబ్దంలో, కల్యాణ నగరంలో చెప్పులు కుట్టే హరళయ్య దారిలో బసవణ్ణకు ఎదురుపడి "శరణు" అన్నాడు. బసవణ్ణ "శరణు శరణార్థి" అన్నాడు. ఒక మాటకు రెండు మాటలు. ఆ ఎక్కువ వచ్చిన మాట అప్పైపోయిందని హరళయ్యకు దిగులు పట్టుకుంది. అతను, భార్య కళ్యాణమ్మ తమ తొడల చర్మం కోసి బసవణ్ణకు చెప్పులు కుట్టారు. బసవణ్ణ వాటిని కాళ్లకు తొడగలేదు, నెత్తిన పెట్టుకున్నాడు. ఇది జనం చెప్పుకునే కథ.

దీన్ని నాకు వినయానికి ఉదాహరణగా చెప్పారు. నాకు మాత్రం ఇది భయపెట్టే కథ. ఒక్క మాట ఎక్కువ వస్తే చర్మం ఒలిచి తీర్చాలనిపించిందంటే, అంతకుముందు ఆ మనిషికి సరిసమానంగానైనా జవాబు ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? బసవణ్ణ మాటలో తప్పేమీ లేదు. కానీ పైనుంచి దిగే ఆప్యాయత కింద ఉన్నవాడి మీద బరువుగా పడుతుందని ఈ కథకు తెలుసు. పొడుగు జవాబే మంచిదని వాదించేవాళ్లకు అది తెలియదు.

నాకూ తెలియలేదు. మర్నాడు పొద్దున సిగ్గు దిద్దుకుందామని ఆ ముసలాయన కోసం నేనే వెళ్లాను. బాట మీద ఎదురుపడ్డాడు. "శనార్థి పటేలా" అన్నాడు. "శనార్థి కాకా" అని మొదలుపెట్టి పానం ఎట్లుంది, కొడుకు ఎక్కడున్నాడు, పింఛను వస్తున్నదా, సోయ ఎంత పెట్టిండ్రు, కోడలు మంచిగ చూస్తున్నదా అని వరుసగా అడిగాను. ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. ఐదో ప్రశ్న దగ్గర చూశాను, ఆయన నెత్తి మీద గడ్డిమోపు ఉంది. దించితే మళ్లీ ఎత్తేవాళ్లు లేరు. నేను అడుగుతున్నంతసేపూ కదలలేడు, ఎందుకంటే అడుగుతున్నది పటేలు. నా ఆప్యాయతకు కిరాయి ఆయన మెడ కట్టింది.

ఆ మోపు చూశాకే నాకు కొలత అర్థమైంది. పలకరించినవాడు ఏమి అడిగాడో దానికి జవాబు చెప్పాలి. నిన్న ఆయన అమ్మ గురించి అడిగాడు, పిల్లల గురించి అడిగాడు. "మంచిదే" అన్న నా మాట రెంటికీ జవాబు కాదు, వినలేదని చెప్పడం. వరుస పెట్టి పిలవాలి, దాని చివరి అచ్చు మింగకూడదు. తిరిగి ఒక్కటి అడగాలి, అది కూడా ఆయన నడుస్తూ చెప్పగలిగేది అయ్యుండాలి. తర్వాత ఆగాలి. పని మీద ఉన్నవాణ్ని వదిలేయడం కూడా జవాబులో భాగమే.

మాటలు లెక్కపెట్టి మర్యాద చేస్తారా, ఇది పట్వారీ లెక్క కాదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, లెక్కపెడితే ప్రేమ పుట్టదు. కానీ అది ఎక్కడ లేదో లెక్క పట్టిస్తుంది. కావాలంటే ఒక్కరోజు మీ జవాబులు మీరే వినండి. వాచ్‌మన్‌కు ఎన్ని మాటలు, పై అధికారికి ఎన్ని, ఊడ్చే అమ్మకు ఎన్ని. అందరికీ ఒక్క మాటే ఇచ్చేవాడైతే మా మిత్రుడు క్లుప్తత గురించి మాట్లాడొచ్చు. అట్లాంటివాణ్ని నేనింకా చూడలేదు. ఆయన తన ఆఫీసులో పెద్దసారుకు చెప్పే గుడ్ మార్నింగ్ నేను విన్నాను.

తిరిగొచ్చే రోజు కారు దగ్గర ఆ ముసలాయన మళ్లీ కనిపించాడు. "పోతుండ్రా పటేలా, శనార్థి. అమ్మను అడిగినా అని చెప్పుండ్రి." "శనార్థి కాకా. అమ్మకు చెప్తా, ఆమె గూడ నిన్ను యాది జేస్తది. మోకాలి నొప్పి తగ్గిందా?" "జెర తగ్గింది" అన్నాడు. అంతే. నడుచుకుంటూ పోయాడు.

ఆయన నన్ను ఇంకా పటేలా అనే అంటున్నాడు. దానికి సరైన జవాబు ఏమిటో నాకింకా దొరకలేదు. "ఆఁ, మంచిదే" మాత్రం కాదు.