చీపురు ఎక్కడ మాయమైంది?

గురుగ్రామ్‌లోని ఒక కంపెనీ సీఎస్ఆర్ నివేదికను రెండు నిమిషాల వీడియో స్క్రిప్టుగా మార్చే పని ఈమధ్య నాకొచ్చింది. ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో ఢిల్లీలో గది అద్దె ఇలాంటి పనులతోనే కడుతుంటాను.

ఎందరు మహిళలు కుట్టుపని నేర్చుకున్నారో నివేదికలో ఉంది. ఆర్నెల్ల తర్వాత ఎందరికి ఆ పని దొరికిందో లేదు. ఆ ఖాళీ కనబడకుండా ఉండాలంటే ఒక్క మహిళ కథ కావాలి.

ఆమెను కలిశాను. వాల్మీకి కుటుంబం. ఇప్పటికీ పొద్దున్నే అపార్ట్‌మెంట్లు ఊడుస్తుంది, సాయంత్రం జాకెట్లు కుడుతుంది. నేను రెండూ రాశాను. దిద్ది పంపిన ప్రతిలో ఊడ్చే పని గతమైపోయింది, 'వాల్మీకి' కాస్తా 'నిరుపేద' అయింది. నెగటివ్‌గా ఉందట!

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. అది ఎవరి దయా కాదు. సామాజికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతలు తగ్గించడం ఏడో షెడ్యూల్లోనే ఉంది. కులాన్ని చెరిపేశాక ఏ అసమానత తగ్గిందని చూపిస్తారు?

మార్చిన స్క్రిప్టు ఆమెకు హిందీలో చదివి వినిపించాను. "మిషన్ వచ్చిందని చెప్పు దీదీ, పని మానేశానని చెప్పకు. సూపర్‌వైజర్ చూస్తే రేపు నిజంగానే మానిపిస్తాడు" అంది. కులం మాట ఉంచాలా అనడిగితే, బస్తీ పేరు చెబితే చాలు, అందరికీ తెలుస్తుందని నవ్వింది.

బస్తీ పేరు పెట్టాను, చీపురు వెనక్కి తెచ్చాను. ఆర్నెల్ల తర్వాతి లెక్క కోసం చివర్లో ఒక ఖాళీ వదిలి పంపాను. ఇంకా జవాబు రాలేదు.