శాతాల్ని కూడి భాగిస్తే వచ్చేది మన పర్సంటేజీ కాదు



మా హాస్టల్లో ఒక చెల్లి 65 శాతం అడిగిన స్కాలర్‌షిప్‌కి అప్లై చేయలేదు. ఎందుకమ్మా అంటే, "నాకు 62 శాతమే అన్నా, సీనియర్ అన్న లెక్క వేసి చెప్పాడు" అంది. మెమో తెమ్మన్నాను. మొత్తం 1000కి 650. అంటే సరిగ్గా 65 శాతం! చివరి తేదీ అప్పటికే అయిపోయింది.

మరి ఆ అన్న వేసిన లెక్క ఏంటి? మా ఎంపీసీ మెమోలో రెండేళ్ల మార్కులు ప్రాక్టికల్స్‌తో కలిపి ఇలా ఉంటాయి: ఇంగ్లీషు 200, తెలుగు 200, మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. చెల్లికి వచ్చినవి వరుసగా 130, 130, 240, 75, 75. ఆయన ఒక్కో సబ్జెక్టుకి విడిగా శాతం తీశాడు: 65, 65, 80, 50, 50. కూడితే 310, అయిదుతో భాగిస్తే 62.

తప్పు ఎక్కడుందో చూడండి. మొత్తం 1000లో మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150 మాత్రమే. ఆయన లెక్కలో రెండూ అయిదో వంతే అయిపోయాయి. చెల్లి బాగా రాసిన మ్యాథ్స్ బరువు తగ్గింది, తక్కువొచ్చిన ఫిజిక్స్, కెమిస్ట్రీల బరువు పెరిగింది. మూడు శాతం అక్కడే పోయింది.

ఇది రెండు వైపులా కొడుతుంది. ఇంకో తమ్ముడికి ఇంగ్లీషు 120, తెలుగు 120, మ్యాథ్స్ 150, ఫిజిక్స్ 120, కెమిస్ట్రీ 120. మొత్తం 630, అంటే 63 శాతం. శాతాల సగటు తీస్తే 66! వాడు ఫారంలో 66 అని రాశాడు. ఛార్జీలు పెట్టుకుని వెరిఫికేషన్‌కి వెళ్తే మెమో చూసి వెనక్కి పంపారు. అబద్ధం రాశావని మాట కూడా పడ్డాడు.

"టెన్త్‌లో ఇలాగే వేశాం కదా, సరిపోయింది" అంటారు కొందరు. అవును, సరిపోతుంది. టెన్త్‌లో ఆరు సబ్జెక్టులూ వందకే, కాబట్టి ఎటు వేసినా ఒకటే జవాబు. గరిష్ఠ మార్కులు వేరైతే ఆ అలవాటే మనల్ని ముంచుతుంది.

"అన్ని సబ్జెక్టులూ సమానమే కదా" అని ఇంకొందరు వాదిస్తారు. సమానమని నోటిఫికేషన్‌లో రాసి ఉంటే అలాగే వేయండి. ఉత్తగా మొత్తం పర్సంటేజీ అని అడిగితే మాత్రం అది బోర్డు ఇచ్చిన బరువుల ప్రకారమే, మన ఇష్టప్రకారం కాదు.

వచ్చిన మార్కులన్నీ కూడండి. గరిష్ఠ మార్కులన్నీ కూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణించండి. గ్రూపు సబ్జెక్టులే అడిగితే కింద కూడా వాటి మార్కులే వేయాలి. చెల్లికైతే 600కి 390. పేపర్ల మార్కులు బ్యాచ్‌ని బట్టి మారతాయి, ఎవరి మెమో వాళ్లు చూసుకోండి.

సీనియర్లకి ఒక్క మాట. ఇంట్లో మెమో చదివి చెప్పేవాళ్లు లేకే పిల్లలు మన దగ్గరికొస్తున్నారు. నోటి లెక్కతో "నీకు రాదు" అని పంపేయకండి అన్నా.