పుస్తకం లేని చదువుకు నిధులు

పల్లె పిల్లలకు చదవడం నేర్పేందుకు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఫౌండేషన్ ముందు పెట్టే ప్రతిపాదన సాధారణంగా పది పన్నెండు స్లైడ్లకు మించదు. సమస్య ఏమిటి, ఎవరికి నేర్పుతారు, ఎలా నేర్పుతారు, పిల్లలు నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది, ఎంత ఖర్చవుతుంది అన్న వరసలోనే అది నడుస్తుంది. ఈ మధ్య తెలుగు నేల నుంచి వెళ్లిన అలాంటి ప్రతిపాదన ఒకటి ఒకే ఒక్క షరతుతో తిరిగొచ్చింది. బడ్జెట్లో కథల పుస్తకాల పద్దు తీసేస్తే మిగతాదంతా మంజూరు చేస్తారట. చదవడం నేర్పడానికి డబ్బుంది గానీ, చదువుకోవడానికి లేదన్నమాట. ప్రతిపాదనలో ఏ స్లైడు ఏ పని చేయాలో చూస్తే ఈ కోత ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

సమస్య చెప్పే స్లైడులో దాదాపు అందరూ అసర్ సర్వే అంకెలే పెడతారు. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. అంకెలు నిజమే. అయితే అవి దేశం మొత్తానివి. సంస్థ పనిచేయబోయే పది ఊళ్ల సంగతి వాటిలో ఉండదు. ఆ ఊళ్లలో పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, పని మొదలుకాకముందే చేసిన పరీక్ష ఫలితాలు ఆ స్లైడులో ఉండాలి.

ఆ పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. అసర్ పద్ధతిలో ఒక కార్డు చాలు. దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ముందు పేరా ఇస్తారు. ధారాళంగా చదివితే కథ ఇస్తారు, తడబడితే పదాలకు, అక్కడా ఆగితే అక్షరాలకు దిగుతారు. బిడ్డ ఎంతవరకు చదవగలిగితే అదే ఆ బిడ్డ స్థాయి. తెలుగులో అక్షరాలకూ పదాలకూ మధ్య మరో మెట్టుంది. ‘పలక’ చదివిన పిల్లే ‘చెట్టు’ దగ్గర ఆగిపోతుంది. వర్ణమాల వచ్చినా గుణింతం పట్టుబడలేదు, ఒత్తు కనిపిస్తే కంగారు. వేరే భాషకు తయారైన నమూనాను ఎత్తి రాసిన ప్రతిపాదనలో ఈ మెట్టు ఉండదు. బోధనలో సగం కాలం తినేది మాత్రం అదే.

ఫలితాల స్లైడులో జరిగే పొరపాటును ఒక లెక్కతో చూడొచ్చు. పది ఊళ్లలో మూడు నుంచి ఐదో తరగతి వరకు 300 మంది పిల్లలున్నారనుకుందాం. మొదటి పరీక్షలో 35 మంది కథ చదివారు. ఏడాది చివర పరీక్షకు దొరికినవారు 262 మంది, వారిలో కథ చదివినవారు 118 మంది. స్లైడు మీద ‘45 శాతం’ అని పడుతుంది. పరీక్షకు దొరకని 38 మంది వలస పోయినవాళ్లో, తరగతికి రావడం మానేసినవాళ్లో అయివుంటారు, అంటే వెనకబడే అవకాశం ఎక్కువున్నవాళ్లే. మొదలైన 300 మందిలో లెక్కిస్తే అది 39 శాతం. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టిన సంస్థను నమ్మవచ్చు. నేర్పినవారే పరీక్ష పెట్టారా, రెండుసార్లూ అదే కథ ఇచ్చారా అన్నది కూడా చూడాలి. అదే కథ అయితే పిల్లలు కార్డు మీద చూపు ఆనకుండానే వాక్యం పూర్తి చేస్తారు. వేలితో మధ్యలో ఒక పదం చూపించి అడిగితే చెప్పలేరు.

ఇక బడ్జెట్. ఊరికొక బోధకురాలు, నెలకు 8,000 రూపాయల చొప్పున పది నెలలకు 8 లక్షలు. ఇద్దరు పర్యవేక్షకులకు ఏడాదికి 4,32,000. శిక్షణ, పరీక్షలకు లక్షన్నర, ప్రయాణాలకు 1,20,000, ఆఫీసు, ఆడిట్ ఖర్చులకు మరో 1,20,000. ఊరికి 150 కథల పుస్తకాలు, సగటున 60 రూపాయలు వేసుకుంటే మొత్తం 90,000. అంతా కలిపి 17,12,000. అందులో పుస్తకాల వాటా అయిదు శాతం పైచిలుకు, పిల్లకు 300 రూపాయలు.

కోత పడేది ఈ 90,000 మీదే. జీతాల్లో కోస్తే మనిషి మానేస్తుంది, పరీక్షల్లో కోస్తే ఫౌండేషన్ నివేదికకు అంకెలు రావు. పుస్తకాలు కోస్తే ఆ ఏడాది ఏ అంకె మీదా దెబ్బ కనిపించదు, పైగా తలసరి ఖర్చు 5,707 నుంచి 5,407కి దిగి స్లైడు అందంగా తయారవుతుంది. కార్డు మీది కథ దగ్గర కొలత ఆగిపోతుంది గనక, ఆ తర్వాత బిడ్డ ఏం చదివిందో అడిగేవారుండరు. రెండో తరగతి స్థాయి కథను కూడబలుక్కుని పూర్తి చేసిన పిల్లకు ఇంట్లో మరో కథ లేకపోతే, వచ్చిన చదువు వేసవి సెలవుల్లోనే జారడం మొదలవుతుంది. బడులు మూతపడ్డ కోవిడ్ కాలం దాటాక 2022 అంకె అలా పడిపోవడాన్ని చూసినవారు కూడా ఈ పద్దును అదనపు సౌకర్యంగా లెక్కవేయడం అన్యాయం. పుస్తకాలు కొన్నా బీరువాలో తాళం వేసి ఉంచుతారన్న ఫౌండేషన్ల అభ్యంతరంలో నిజం లేకపోలేదు. దానికి తాళం తీయించాలి గానీ పుస్తకం మాన్పించకూడదు.

చదవడానికి ఏమిచ్చారన్నదాన్ని బట్టి ఏం జరుగుతుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వయోజనుల వాచకంలో సీతమ్మ కథ ఉంది. ఊరి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించిన కథ అది. దూబగుంటలో రోసమ్మ తదితరులు ఆ పనే చేసి చూపారు, వారి గెలుపు తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ ఉద్యమానికి వేరే కారణాలూ ఉన్నాయి, సారా మింగేసిన కూలి డబ్బులు అన్నిటికన్నా పెద్ద కారణం. అయినా రాత్రిబడిలో ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్నది ఉత్త అక్షరమాల అయివుంటే, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ కథ ఉండేది కాదు. అలాంటి ఫలితాన్ని ఏ ప్రతిపాదనా ముందుగా గడిలో రాసి ఉండలేదు.

కాబట్టి పుస్తకాల పద్దును బడ్జెట్ చివర ‘సామగ్రి’ కింద కలిపేయడం సంస్థలు మానుకోవాలి. బోధన స్లైడులోనే దాన్ని చెప్పాలి: ఏ స్థాయి పిల్లకు ఏ పుస్తకం, ఒత్తులు లేని పదాలతో ఎన్ని, పేజీకి రెండు వాక్యాలవి ఎన్ని, పెద్ద కథలు ఎన్ని. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ ప్రచురణల నుంచి తెలుగులో ఈ మూడు రకాలూ ఏరుకోవచ్చు. పెట్టె బోధకురాలి దగ్గరే ఉండాలి, పుస్తకం ఇంటికి వెళ్లాలి, ఎవరు ఏది తీసుకెళ్లారో నోటుబుక్కులో రాయాలి. చిరిగినవి, పోయినవి ఏటా పదిహేను శాతం అనుకుని వాటి స్థానంలో కొనడానికి సొమ్ము ముందే అడగాలి. ఒక్క పుస్తకం కూడా చిరగని పెట్టె కనిపిస్తే అది తెరవని పెట్టె అని పర్యవేక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది. ఫలితాల స్లైడులో మరో రెండు వరసలు చేర్చాలి: నెలకు ఒక్కో పిల్ల ఇంటికి తీసుకెళ్లిన పుస్తకాలు ఎన్ని, తరగతులు ముగిసిన మూడు నెలలకు కొత్త కథతో మళ్లీ పరీక్షిస్తే ఆ 118 మందిలో ఎందరు చదివారు.