ఏం నేర్పుతారో చెప్పండి చాలు

“షుగర్ తగ్గిస్తాం, థైరాయిడ్ మాన్పుతాం” అని రాసుకునే యోగా గురువు పరిచయంలో అసలు సంగతే ఉండదు: ఎక్కడ నేర్చుకున్నారు, ఎలా నేర్పుతారు. చాలామంది చేసే 200 గంటల శిక్షణలో ఆసనాలు, ప్రాణాయామం, బోధనా పద్ధతి నేర్పుతారు తప్ప రోగనిర్ధారణ కాదు. “హఠయోగంలో 200 గంటల కోర్సు చేశాను, బెల్టు, కుర్చీ ఆసరాతో ఒక్కో ఆసనంలో కాసేపు నిలుపుతాను, క్లాసుకు పదిమందే” అంటే క్లాసు కళ్లకు కడుతుంది. జబ్బు పేరెత్తకపోతే జనం రారంటారు. నిజమే, నొప్పితో వచ్చేవారు ఎక్కువే. వారికి “నేలమీద కూర్చోలేనివారికి కుర్చీలో చేసే ఆసనాలు చూపిస్తాను” అన్న మాట చాలు; అది గురువు చేసే పని, ఇచ్చే హామీ కాదు. నొప్పి సంగతి డాక్టరు చూసుకుంటారు. మాన్పుతామన్న మాట కొట్టేసి, అక్కడ శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు, సంవత్సరం రాయండి.